ఈవిడ కుండ తుడవట్లేదు: అడ్డం స్క్రిప్టుని నిలువు వీడియోగా మార్చడం

(వీడియో స్క్రిప్టులు రాసేవారి కోసం రాజమహేంద్రవరంలో జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి తెర కనిపిస్తోందా అండి? కనిపించకపోతే ముందుకి వచ్చేయండి. ఈరోజు చూపించేవన్నీ చిన్న చిన్న ముక్కలు, రెప్ప వేస్తే అయిపోతాయి.

నేను అడ్డం వీడియోలకి స్క్రిప్టు రాసే మనిషిని. పది నిమిషాలు, పన్నెండు నిమిషాలు, ఒక్కోసారి ఇరవై. షార్టులంటే మొదట్లో నాకు చిన్నచూపే ఉండేది, దాచుకోవడం ఎందుకు. పెద్ద వీడియో అయిపోయాక ఎడిటింగ్ కుర్రాణ్ణి పిలిచి, "బాబూ, దీంట్లోంచి ఒక నిమిషం కోసి పెట్టు" అనేవాణ్ణి. అతను కోసేవాడు. దాన్నెవరూ చూసేవాళ్లు కాదు. జనానికి ఓపిక లేదని తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఆ తర్వాత ఆత్రేయపురం పూతరేకుల మీద పన్నెండు నిమిషాల వీడియో ఒకటి చేశాను. దాన్ని నిలువుకి మార్చడంలో మూడుసార్లు తన్నులు తిన్నాను. ఈ గంటా ఆ ఒక్క వీడియో గురించే చెబుతాను.

పెద్ద స్క్రిప్టు ఎలా ఉందో ముందు చూడండి. సుమారు పద్నాలుగు వందల మాటలు. గోదావరి మీద డ్రోన్ షాటుతో మొదలవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట, 1852లో పూర్తయింది, కాలవలు, వరి పొలాలు, అక్కణ్ణించి బియ్యం, బియ్యం నుంచి పూతరేకులు. తర్వాత తయారీ. తర్వాత ఆ పని చేసే ఆడవాళ్ల కూలి, నడుం నొప్పులు. తర్వాత కొట్లు, పార్శిళ్లు. చివర్లో 2023లో వచ్చిన భౌగోళిక గుర్తింపు. పెద్ద వీడియోకి ఈ వరస బాగానే కుదిరింది. టీవీ ముందో ల్యాప్‌టాప్ ముందో కూర్చున్న మనిషి ఆ బొమ్మ మీద తనే నొక్కి వచ్చాడు. శీర్షిక చదివి, ఇష్టపడి వచ్చాడు. పీట వేసి, మంచినీళ్లిచ్చి, ఆ తర్వాత విస్తరి వేసినా ఏమీ అనుకోడు.

నిలువు వీడియో చూసేవాడు మన ఇంటికి రాలేదు. బస్సులో పోతున్నాడు, కిటికీలోంచి మన ఇల్లు కనిపించింది, అంతే. శీర్షిక చదవలేదు. పైన ఉన్న వీడియోని బొటనవేలితో తోశాడు, కిందనుంచి మనం వచ్చాం. ఆ వేలు ఇంకా గాల్లోనే ఉంది.

ఇప్పుడు నా పెద్ద స్క్రిప్టులో మొదటి వాక్యం చదువుతాను. నవ్వకండి.

"గోదావరి జిల్లాల ఆతిథ్యానికి మారుపేరుగా, తరతరాలుగా మహిళల చేతుల మీదుగా సాగుతూ వస్తున్న, 2023లో భౌగోళిక గుర్తింపు కూడా అందుకున్న ఆత్రేయపురం పూతరేకుల తయారీ వెనక ఎంత శ్రమ ఉందో ఈ రోజు తెలుసుకుందాం."

ఇరవై అయిదు మాటలు. నేను మామూలుగా చదివితే సెకనుకి రెండు మాటలు పడతాయి. అంటే పన్నెండు సెకన్ల పైమాటే. ఇందులో పదిహేడో మాట "పూతరేకుల". దేని గురించి మాట్లాడుతున్నానో చూసేవాడికి తెలిసేది ఎనిమిదో సెకన్లో.

ఇది నా ఒక్కడి జబ్బు కాదండి, మన భాష నడకలోనే ఉంది. తెలుగు వాక్యంలో క్రియ చివర్న కూర్చుంటుంది. దాని ముందు "సాగుతూ వస్తున్న", "అందుకున్న" అని విశేషణాలు రైలుపెట్టెల్లా తగిలించుకుంటూ పోవచ్చు. ఇంజన్ మాత్రం చిట్టచివర వస్తుంది. రేడియోలో, సభల్లో అది అందమే. నిలువు వీడియోలో మూడు సెకన్లంటే ఆరు మాటలు. ఆ ఆరింటిలో క్రియ రాకపోతే చూసేవాడికి ఏమీ జరగనట్టే. అందుకని నేను పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. మొదటి వాక్యం నాలుగు మాటలు దాటకూడదు, అందులో పూర్తి క్రియ ఉండాలి. "చేస్తూ", "చేసిన" లాంటి సగం క్రియలు పనికిరావు.

సరే, నా మొదటి ప్రయత్నం. ఎడిటింగ్ కుర్రాడు పన్నెండు నిమిషాల్లోంచి మంచి మంచి షాట్లన్నీ ఏరి, యాభై సెకన్లకి కుట్టాడు. గోదావరి రెండు సెకన్లు, పొలాలు రెండు, కుండ మూడు, ఆవిడ నవ్వు, నెయ్యి ధార, కొట్టు బోర్డు. దాని మీద నేను మొత్తం కథని కుదించి చదివాను. ఏమైందంటే అది వీడియోకి ట్రైలర్ అయింది. సినిమా అయితే ట్రైలర్ చూసి హాలుకి వెళ్తారు. ఇక్కడ పైకి తోస్తారు. పద్నాలుగు వందల మాటల్ని వందకి కుదిస్తే మిగిలేది పిప్పే. కుదించడం మానేసి, ఒక్క ముక్క ఎంచుకోవాలి.

ఆ ముక్క ఎలా దొరుకుతుంది? పెద్ద స్క్రిప్టు ముద్రించుకుని, ఎర్ర పెన్సిల్ పట్టుకుని, ఈ వీడియోతో ఏ సంబంధమూ లేని మనిషికి చదివి వినిపించాను. మా బావమరిదికి. అతను ఎక్కడ అడ్డం తగిలి ప్రశ్న వేస్తే అక్కడ గీత పెట్టాను. ఆనకట్ట దగ్గర ఏమీ అడగలేదు. గుర్తింపు దగ్గర "ఆహా" అన్నాడు. "పల్చటి పిండిలో ముంచిన గుడ్డని కాలుతున్న కుండ మీద పరిచి లాగేస్తారు" అన్న చోట ఆపాడు. "ఉండు బావా, పిండి గుడ్డకి కదా అంటుకోవాలి, కుండకి ఎలా అంటుకుంటుంది? గుడ్డ కాలదా?"

అక్కడ దొరికింది. పన్నెండు నిమిషాల్లో ఆ సంగతి ఇరవై సెకన్లు ఉంది, ఏడో నిమిషంలో. షార్టు మొత్తం దాని మీదే కట్టాను. మిగతాదంతా, నాకు ఎంతో ఇష్టమైన ఆనకట్టతో సహా, తీసేశాను.

ఇంకో పరీక్ష కూడా పెట్టుకోండి. ఎంచుకున్న ముక్కని శబ్దం తీసేసి చూడండి. తెర మీద ఏదైనా మారుతోందా? ఒక స్థితి ఇంకో స్థితి అవుతోందా? ఇక్కడ అవుతోంది. ఉత్త కుండ, గుడ్డ వెళ్లింది, తెల్లటి పొర వచ్చింది. మనిషి కూర్చుని మాట్లాడే ముక్క ఎంత గొప్పదైనా ఈ పరీక్షలో నెగ్గడం కష్టం.

రెండో ప్రయత్నం. ముక్క సరైనదే, మొదటి మాట తప్పు. "పూతరేకులు ఎలా చేస్తారో తెలుసా?" అని మొదలుపెట్టాను. నిక్షేపంగా ఉంది కదా? నాలుగు మాటలు, క్రియ ఉంది, ప్రశ్న కూడా ఉంది. కానీ తెలుగువాడికి "పూతరేకులు" అని వినగానే కథ అయిపోయింది. తెలుసు, తిన్నాను, పెళ్లిళ్లలో పెడతారు, తర్వాతి వీడియో ఏంటో చూద్దాం. పేరు చెప్పడమంటే సంచీ విప్పి చూపించేయడమే. పెద్ద వీడియోకి శీర్షికలో పేరు ఉండాలి, దాన్ని వెతుక్కునే వస్తారు. షార్టులో పేరు చివరికి పోవాలి. ఇది అన్నిటికీ వర్తించదు లెండి. జనానికి తెలియని వస్తువైతే పేరే వింతగా ఉండి పట్టుకోవచ్చు. తెలిసిన వస్తువుకి మాత్రం పేరు దాచండి.

మూడోది ఇంకా ఘోరం. పేరు దాచమన్నాను కదా, దాచి, "ఈ ఊళ్లో కాగితం తింటారు!" అని పెట్టాను. మొదటి మూడు సెకన్లు జనం బాగా ఆగారు. నేను మీసం మెలేశాను. తర్వాత ఏ సెకను దాకా ఎంతమంది ఆగారో చూపించే గ్రాఫు చూస్తే ఆరో సెకను నుంచి ఎనిమిదో సెకను దాకా గోడ కూలినట్టు పడిపోయింది. ఎందుకో కామెంట్లలో ఒకాయన చెప్పాడు: "పూతరేకులని చెప్పి ఏడవొచ్చుగా." న్యాయమే. ఆరో సెకన్లో రేకు కనిపించగానే అది కాగితం కాదని తెలిసిపోయింది. అబద్ధంతో ఆపితే, అబద్ధం బయటపడ్డ క్షణంలో పోతారు. పోయేవాళ్లు ఉత్తినే పోరు, విసుక్కుని పోతారు.

ఇక నాలుగోది. ఇప్పుడు వేస్తాను, చూడండి. ... మళ్లీ వేస్తాను.

తెర నిండా నల్లటి కుండ. ఒక చెయ్యి, తడిగుడ్డ. గుడ్డ కుండ మీదుగా వెళ్లింది. మాట: "ఈవిడ కుండ తుడవట్లేదు."

మూడే మాటలు, రెండు సెకన్ల లోపే. చూడగానే ఎవరికైనా ఆవిడ కుండ తుడుస్తోందనే అనిపిస్తుంది. కన్ను ఆ మాట అనుకునే లోపు గొంతు "కాదు" అంది. కన్నుకీ చెవికీ తగువు పడింది, ఆ తగువు తీరాలంటే ఆగాలి. పైగా ఇందులో అబద్ధం లేదు. ఆవిడ నిజంగానే కుండ తుడవట్లేదు. బొమ్మలో ఉన్నదాన్నే మాటతో మళ్లీ చెబితే, అంటే "ఈవిడ గుడ్డని కుండ మీద పరుస్తున్నారు" అంటే, సగం బలం పోయేది. మాట బొమ్మని కొంచెం గిల్లాలి.

మొత్తం చదువుతాను. మాటల పక్కన బొమ్మ కూడా చెబుతాను.

"ఈవిడ కుండ తుడవట్లేదు. వంట చేస్తున్నారు." ఇక్కడ తెల్లటి పొర కనిపిస్తుంది. "గుడ్డలో ఉన్నది బియ్యప్పిండి. పాలలాగా పల్చన." గిన్నెలో గుడ్డ మునుగుతుంది. "కుండ బోర్లించి ఉంది. లోపల మంట." పక్కనున్న కంతలోంచి కొబ్బరాకుల మంట. "గుడ్డ తగలగానే పిండి ఉడికి కుండకి పట్టేస్తుంది. గుడ్డ కాలదు. తడిగా ఉంది, ఆగదు కూడా." ఇక్కడ నేను నోరు మూసుకుంటాను, ఆవిడ గొంతు వస్తుంది: "చెయ్యి ఆగిందంటే రేకు పాడైపోద్దండి." తర్వాత రెండు సెకన్లు మాటే లేదు, చిటపట మాత్రమే. "నీరు ఆవిరైపోతుంది. అంచు దానంతటదే లేస్తుంది. అప్పుడు తీయాలి." పొరని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అవతల వేళ్లు కనిపిస్తాయి. "నెయ్యి. బెల్లప్పొడి. మడత." మూడు మాటలు, మూడు షాట్లు. "పూసిన పూత, లేచిన రేకు. పూతరేకు. ఇప్పుడు మళ్లీ చూస్తే..."

అక్కడ ఆగిపోతుంది. షార్టు తనంతట తాను మళ్లీ మొదలవుతుంది కదా, "ఈవిడ కుండ తుడవట్లేదు" అని మళ్లీ వినిపిస్తుంది. చివరి వాక్యానికి క్రియ మొదటి వాక్యంలో దొరికింది. ఇందాక మన భాషని తిట్టాను చూడండి, క్రియ చివర్న వస్తుందని. ఇక్కడ అదే కాపాడింది. "చూస్తే" అని వదిలేస్తే తెలుగు చెవి మిగతా సగం కోసం ఎదురుచూస్తుంది.

ఆ ఉడకడం సంగతి ఎందుకు పెట్టానంటే, బావమరిది అడిగింది అదే. బియ్యంలోని పిండిపదార్థం వేడికి చటుక్కున ఉబ్బి పొరలా కడుతుంది. గుడ్డలో నీళ్లున్నంతసేపూ దాని వేడి నీళ్లు మరిగే వేడిని దాటదు, అందుకే కాలదు. ఇంత వివరం పెద్ద వీడియోలో ఉంది. షార్టులో "తడిగా ఉంది, ఆగదు కూడా" అన్న నాలుగు మాటలకి దిగింది. ప్రశ్న లేపాక జవాబు ఇవ్వాలి. చివరి దాకా దాచకూడదు. సుమారు పదిహేనో సెకన్లోనే జవాబు వచ్చేసింది. ఆ తర్వాత జనాన్ని ఆపింది కొత్త చిక్కు: తీయడం ఎలా?

ఇప్పుడు బొమ్మ సంగతి. స్క్రిప్టు రాసేవాళ్లు ఇది కెమెరా వాళ్ల గొడవ అనుకుంటారు. కాదు, రాసేటప్పుడే తేల్చుకోవాలి.

అడ్డం ఫ్రేము 1920 వెడల్పు, 1080 ఎత్తు. అందులోంచి ఎత్తు తగ్గకుండా నిలువు ముక్క కోస్తే వెడల్పు 607 పిక్సెళ్లు మిగులుతుంది. అంటే మూడింట రెండొంతులు పోయినట్టే. ఆ 607ని 1080కి సాగదీస్తే బొమ్మ మెత్తబడిపోతుంది. మేము 4కేలో తీశాం కాబట్టి, అందులోంచి కోస్తే 1215 వెడల్పు వచ్చింది, స్పష్టత పోలేదు. కానీ అసలు చిక్కు స్పష్టతతో కాదు.

పూతరేకు పనిలో ఆవిడ గుడ్డని రెండు చేతులతో రెండు కొసలా పట్టుకుంటారు. ఎదురుగా పెట్టిన కెమెరాలో ఎడమ చెయ్యి ఎడమ అంచున, కుడి చెయ్యి కుడి అంచున, మధ్యలో కుండ. అడ్డం ఫ్రేముకి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. నిలువుకి కోస్తే కుండ మిగిలింది, చేతులు పోయాయి. గుడ్డ తనంతట తాను ఎగురుతున్నట్టు దయ్యం సినిమాలా ఉంది. కుండ వదిలి చెయ్యి పట్టుకుందామా అంటే రేకు కనపడదు.

కొందరు అడ్డం బొమ్మని అలాగే మధ్యలో పెట్టి, పైనా కిందా మసక బొమ్మతో నింపుతారు. అప్పుడు అసలు బొమ్మ తెరలో మూడోవంతు ఎత్తే ఉంటుంది. మధ్యలో ఎక్కడైనా తప్పనిసరైతే సరే గానీ, మొదటి షాటుకి వద్దు. నిండు తెర మధ్య పలక పెట్టినట్టుంటుంది, ఎక్కణ్ణించో ఎత్తుకొచ్చారని చూడగానే తెలిసిపోతుంది.

మాకు దారి చూపించింది పనికిరాదని పక్కన పెట్టిన షాటు. ఆవిడ భుజం వెనకనించి, కొంచెం పక్కగా తీసింది. పెద్ద వీడియోలో మాటల మధ్య అతుకుగా ఒకటిన్నర సెకను వాడాం. అందులో దగ్గరి చెయ్యి ఫ్రేములో కింద ఉంది, కుండ మధ్యలో, రెండో చెయ్యి అవతల పైన. గుడ్డ ఎడమనించి కుడికి పోవట్లేదు, మన దగ్గరనించి లోపలికి పోతోంది. నిలువు ఫ్రేముకి వెడల్పు లేదు గానీ లోతు ఉంది, ఎత్తు ఉంది. పక్కపక్కన జరిగేదాన్ని ముందువెనకలుగా, కిందమీదులుగా మార్చగలిగితే కుదురుతుంది. అందుకే ఇప్పుడు నేను పెద్ద స్క్రిప్టు రాసేటప్పుడే, షార్టు అవుతుందనిపించిన చోట మార్జిన్‌లో "భుజం వెనక, నిలువు" అని రాస్తాను. షూటింగ్‌లో ఎవరో ఒకరు ఫోను నిలువుగా పట్టుకుని ఆ ఒక్కటీ తీస్తారు. పది నిమిషాల పని.

తెర మీద అక్షరాల గురించి ఒక్క మాట. చాలామంది శబ్దం లేకుండా చూస్తారు కాబట్టి రాత తప్పదు. కిందనేమో ఛానల్ పేరూ శీర్షికా వస్తాయి, కుడివైపు గుండీలు వస్తాయి. కాబట్టి కింద పావువంతూ కుడి అంచూ మనవి కావు. మన అక్షరాలకి పైన గుడులు, కింద వత్తులు. రెండు లైన్లు దగ్గరగా పెడితే పై లైను వత్తు కింది లైను గుడికి గుద్దుకుంటుంది. లైనుకి మూడు మాటలు, రెండే లైన్లు, మధ్యలో ధారాళంగా ఖాళీ. "తుడవట్లేదు" అన్న మాటని విడగొట్టి రెండో లైనుకి పంపిన మహానుభావుడు ఒకడున్నాడు మా దగ్గర. మొదటి లైను "ఈవిడ కుండ తుడవ". ఏం అర్థమవుతుంది?

(సభలోంచి ఒకరు: "సార్, షార్టు బాగా పోయిందో లేదో వ్యూస్ చూస్తే తెలియదా?")

తెలియదమ్మా. 2025 మార్చి ఆఖరు నుంచి యూట్యూబ్ షార్టు మొదలైతే చాలు ఒక వ్యూ లెక్కేస్తోంది. అర సెకన్లో తోసేసినా అందులో ఉంటాడు. యూట్యూబ్ స్టూడియోలో లోపలికి వెళ్తే ఎంతమంది ఆగి చూశారు, ఎంతమంది తోసేశారు అని వేరే లెక్క ఉంటుంది. మొదటి మాట సంగతి అది చెబుతుంది. తర్వాత గ్రాఫు. మొదటి రెండు సెకన్లలో పడితే సాధారణంగా తప్పు బొమ్మది, మాట వినేదాకా కూడా ఆగలేదని. ఆరేడు సెకన్ల దగ్గర పడితే మీరిచ్చిన మాట తప్పారని, నా కాగితంలా. చివరి మూడు సెకన్లలో పడితే మీరు "ధన్యవాదాలు, సబ్‌స్క్రైబ్ చేయండి" అన్నారని. గ్రాఫు మొదట్లో నూటికి పైన కనిపిస్తే కంగారుపడకండి, మళ్లీ తిరిగి చూసినవాళ్లు అందులో కలుస్తారు.

(మరొకరు: "మూడు నిమిషాల దాకా షార్టు పెట్టొచ్చు కదండీ, ఇంత కుదించడం ఎందుకు?")

2024 అక్టోబరు నుంచి పెట్టొచ్చు. నా ముక్కకి నలభై అయిదు సెకన్లు సరిపోయాయి, అంతే. కానీ మంచి ప్రశ్న వేశారు, ఎందుకంటే కుదరనిది కూడా ఒకటి చెప్పాలి. పెద్ద వీడియోలో కూలి గురించిన భాగం ఉందన్నాను. మంట ముందు పొద్దస్తమానం కూర్చోవడం, నడుం, కళ్లకి పొగ. అది కూడా షార్టు చేద్దామని కూర్చున్నాను. "ఈ రేకు వెనక ఎంత నొప్పో" అని ఏదో రాశాను. చదువుకుంటే సిగ్గేసింది. ఆవిడ రెండున్నర నిమిషాలు చెప్పిన మాటల్లో మధ్య మధ్య నవ్వింది, పని మీద గొప్పగా కూడా మాట్లాడింది. అందులోంచి నొప్పి ఒక్కటే కోసి ముందు పెడితే ఆవిడ జాలిబొమ్మ అవుతుంది. మూడు నిమిషాలు ఇచ్చినా ఆ భాగానికి ముందూ వెనకా ఉన్న పది నిమిషాలు కావాలి. దాన్ని అడ్డంగానే వదిలేశాను. కుండ షార్టుకి రిలేటెడ్ వీడియోగా ఆ పెద్ద వీడియో తగిలించాను, చూడాలనుకున్నవాళ్లు అక్కడ నొక్కి వెళ్తారు.

అయితే ఆ కుండ షార్టులో ఆవిడ గొంతు ఒక్క వాక్యమైనా ఉండాలని పట్టుబట్టాను. ఎడిటింగ్ కుర్రాడు అది నేనే చెప్పేస్తే సాఫీగా ఉంటుందన్నాడు. "పాడైపోతుంది" అని నేను చెబితే సమాచారం. "పాడైపోద్దండి" అని ఆవిడ చెబితే, చెప్తూ కుండ మీదనుంచి చూపు తిప్పకపోతే, అది వేరు.

సరే, మీరు తెచ్చుకున్న స్క్రిప్టులు బయటికి తీయండి. పక్కవాళ్లతో మార్చుకోండి. మీది మీరు చదవద్దు, పక్కవాళ్లకి చదివి వినిపించండి. వాళ్లు ఎక్కడ ఆపితే అక్కడ గీత పెట్టండి. ఎర్ర పెన్సిళ్లు ఇక్కడ డబ్బాలో ఉన్నాయి.